డీఏ అంతా అక్కదే

నీటి సరఫరా ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది పెద్ద ఇంజనీరు ఒక్కడే, అదీ కోపం వచ్చినప్పుడు. మిగతా అందరికీ ఆయన కరువు బాబాయ్. మనిషి చూడబోతే బొద్దుగా, నున్నగా దువ్విన జుట్టుతో, కరువు ఛాయలేవీ లేకుండా ఉంటాడు. జీతాల బిల్లులు చేసే గుమాస్తా కాబట్టి, కరువు భత్యం, అదే డీఏ, పెరిగిందన్న కబురు ముందు ఆయన నోటి నుంచే వస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. ఆయనకూ ఆ పేరంటే లోలోపల కాస్త ముద్దే.

డీఏ ఉత్తర్వు వచ్చిన రోజు ఆయన బల్ల చుట్టూ ఈగలు ముసిరినట్టు జనం ముసిరేవారు. అందరికంటే ముందుండేవాడు జీపు డ్రైవరు. నలభై ఆరు శాతం యాభై అయినప్పుడు అతను సెల్‌ఫోనులో ముందే లెక్క కట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, నాకు పదకొండు వందల అరవై ఎనిమిది పెరుగుతుంది కదా."

"ఎవరు చెప్పారు నీకు?"

"నేనే వేశాను. జీతం ఇరవై తొమ్మిది వేల రెండు వందలు. దానిమీద నాలుగు శాతం."

"అందుకే నిన్ను జీపు నడపమన్నారు, బిల్లు నడపమనలేదు. ఆ ఇరవై తొమ్మిది వేల రెండు వందల్లో పాత డీఏ కూడా ఉంది. డీఏ మీద డీఏ రాదు నాయనా. నీ బేసిక్ ఎంత?"

"ఇరవై వేలు."

"దానిమీద నలభై ఆరు శాతం తొమ్మిది వేల రెండు వందలు. ఇప్పుడు యాభై శాతం, పది వేలు. పెరిగింది ఎనిమిది వందలు. రెండు నెలల కిందటి నుంచి వర్తిస్తుంది కాబట్టి ఆ పదహారు వందలు బకాయిగా వస్తాయి. వెళ్ళి టీ తాగు."

డ్రైవరు మొహం చిన్నబోయింది. అప్పుడు బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ప్రతిసారీ చెప్పే మాటే చెప్పాడు. "సంబరపడకండయ్యా. జీతం పెంచామని కాదు వాళ్ళు చెబుతున్నది. ధరలు పెరిగాయని ఒప్పుకుంటున్నారు. నిన్న కొన్నవే రేపు కూడా కొనుక్కోమని ఇచ్చే డబ్బు ఇది."

ఇంత చక్కగా చెప్పగలిగిన మనిషి ఆ మాటను పదేళ్ళపాటు తన ఇంటి గుమ్మం దాటించి లోపలికి తీసుకుపోలేదు. ఊళ్ళో అందరి జీతాలూ విప్పి చెప్పేవాడికి తన జీతం తనకే అర్థం కాలేదంటే ఎవరు నమ్ముతారు? కానీ జరిగింది అదే.

ఆయనకో అక్క ఉంది. తల్లీ తండ్రీ ఏడాది తేడాతో పోతే, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. కుట్టుమిషను తొక్కి చదివించింది. పెళ్ళి సంబంధాలు వస్తే, "వీడు ఒక దారికి రానీ" అని వెనక్కి పంపింది. తమ్ముడు ఒక దారికి వచ్చేసరికి సంబంధాలు రావడం మానేశాయి. ఆ మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తి ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేదేమో.

పదేళ్ళ కిందట కొత్త వేతనాలు అమలయ్యాయి. పాత డీఏ అంతా బేసిక్‌లో కలిసిపోయి, మళ్ళీ సున్నా నుంచి మొదలైంది. అప్పుడు ఆయన బేసిక్ పద్దెనిమిది వేలు. మిగతా భత్యాలు ఇన్సూరెన్సుకీ భవిష్య నిధికీ పోయేవి, చేతికి మిగిలేది దాదాపు బేసిక్ అంత. ఆరు నెలలకు మొదటి డీఏ వచ్చింది. మూడు శాతం, అంటే ఐదు వందల నలభై. ఆ డబ్బు తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టి, ఏ దేవుడు పలికించాడో, "అక్కా, బేసిక్ నా ఇంటిది. డీఏ ఎంత పెరిగినా నీది" అన్నాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఐదు వందల నలభైకి ఎవరు మాత్రం కాదంటారు? "మంచిపనే చేశారు" అంది ఆవిడ.

అక్కడే ఉంది చిక్కు. డీఏ ఆర్నెల్లకోసారి రెండు, మూడు, నాలుగు శాతం చొప్పున పెరుగుతూ పోయింది. ఏటా ఇంక్రిమెంటు వచ్చి బేసిక్ కూడా పెరిగింది. పెరిగిన బేసిక్ మీద పెరిగిన శాతం. ఐదు వందల నలభై కాస్తా రెండు వేలయింది, ఐదు వేలయింది, బేసిక్ ఇరవై నాలుగు వేలూ డీఏ యాభై శాతమూ అయ్యేనాటికి పన్నెండు వేలయింది. ఈలోపు అక్క చేతులకు వణుకు పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించలేక ఆమె మిషను మూసేసింది. గది అద్దె, మందులు, పాలు, అన్నీ ఆ డీఏ మీదే నడవసాగాయి. తమ్ముడి ఇంటికి వచ్చి ఉండమని మరదలు రెండుసార్లు పిలిచింది. "ఒకరి గుమ్మంలో చెప్పులు విప్పి బతకడం నాకు చేతకాదమ్మా" అని నవ్వేసింది ఆమె.

ఇక బాబాయ్ ఇల్లు. వీధి వైపు వాటాలో ఉండేవాళ్ళు పెరటి వైపు వాటాలోకి మారారు. అక్కడ పగలు కూడా లైటు వేసుకోవాలి. కూతురి ట్యూషను రెండు సబ్జెక్టుల నుంచి ఒకదానికి తగ్గింది. భార్యకు ఎడమవైపు దవడపన్ను పుచ్చితే, దంతాల డాక్టరు తొడుగు వేయాలని ఖర్చు చెప్పాడు. ఆవిడ "ఆలోచించుకుని వస్తామండీ" అని లేచి వచ్చింది. మూడేళ్ళయినా ఆలోచిస్తూనే ఉంది. అప్పటినుంచి కుడివైపే నములుతోంది. ఎదురుగా కూర్చుని తినే మనిషికి అది కనపడకుండా ఉంటుందా? కనపడేది. "వచ్చే ఇంక్రిమెంటుకు చేయిద్దాం" అనేవాడు. ఇంక్రిమెంటు వచ్చేది, దానికంటే ముందే నూనె ధరో గ్యాసు ధరో వచ్చి కూర్చునేది.

అలా ఉండగా కొత్త వేతనాల ఉత్తర్వు వచ్చింది.

డ్రైవరు పరుగున వచ్చాడు. ఈసారి మొహం పాలిపోయి ఉంది. "బాబాయ్, డీఏ సున్నా చేశారట కదా. పది వేలు పోయినట్టేనా?"

"ఎక్కడికి పోతుందిరా, నీ బేసిక్‌లోకే పోతుంది. పాత బేసిక్ ఇరవై వేలు, దానిమీద డీఏ పది వేలు, రెండూ కలిపితే ముప్ఫై. పాత బేసిక్ మీద పది శాతం అదనంగా ఇచ్చారు, అది రెండు వేలు. ముప్ఫై రెండు వేలు నీ కొత్త బేసిక్. ఇకనుంచి ధరలు పెరిగితే డీఏ మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఈసారి దీనిమీద వస్తుంది కాబట్టి ఒక్కో శాతానికి రెండు వందలు కాదు, మూడు వందల ఇరవై."

"అంటే పోయిందేం లేదు."

"లేదు. వచ్చింది రెండు వేలు."

డ్రైవరు వెళ్ళిపోయాక బాబాయ్ బిల్లులో తన వరుస దగ్గరికి వచ్చాడు. ఇరవై నాలుగు, పన్నెండు, పైన రెండు వేల నాలుగు వందలు. కొత్త బేసిక్ ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు. పక్కనున్న డీఏ గడిలో సున్నా వేశాడు. ఆ సున్నా వేశాక పెన్ను కింద పెట్టేశాడు. ఈ రోజు వస్తుందని ఆయనకు తెలియదా? బిల్లు గుమాస్తాకు తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలిసి, ఆ ఆలోచన తలెత్తిన ప్రతిసారీ నెత్తిన ఒక్కటి మొట్టి కూర్చోబెట్టాడు.

ఇంటికి వచ్చి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ గిన్నెలు తుడుస్తూ వింది.

"మీ మాట ప్రకారం బేసిక్ మన ఇంటిది కదా" అంది చివరికి.

"అవును."

"డీఏ వదినది. డీఏ ఇప్పుడు సున్నా."

"అదెలా కుదురుతుంది? అక్క ఎలా బతుకుతుంది?"

"నేను కుదురుతుందనడం లేదు. మీ మాటకు అర్థం ఏమిటా అని అడుగుతున్నాను." ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది. "డీఏ ఎందుకిస్తారండీ?"

ఆ సమాధానం ఆయన ఆఫీసులో ప్రతిసారీ చెప్పేదే.

"ధరలు పెరిగినందుకు" అన్నాడు మెల్లగా.

"ధరలు వదిన గదిలోనే పెరిగాయా? ఈ వంటింట్లో పెరగలేదా? ధరలు పెరిగినందుకు ఇచ్చిందంతా అటు పంపేసి, ధరలతోపాటు పెరగని బేసిక్ ఇటు పెట్టారు. ఇచ్చినందుకు నాకు ఏడుపు లేదు. అది పైడబ్బు అనుకుని ఇచ్చారు చూడండి, అందుకు."

ఆయన వెళ్ళి కూతురి పాత పరీక్ష కాగితం వెనక లెక్క వేశాడు. యాభై శాతం డీఏ అంటే, అప్పుడు నూరు పెట్టి కొన్నదానికి ఇప్పుడు నూట యాభై కావాలి. ఇంటికి ఇస్తున్న ఇరవై నాలుగు వేలు ఆనాటి లెక్కలో ఎంత? ఒకటిన్నరతో భాగిస్తే పదహారు వేలు. పదేళ్ళ కిందట పద్దెనిమిది వేలతో మొదలైన ఇల్లు, పది ఇంక్రిమెంట్లు తిన్న తర్వాత పదహారు వేల ఇల్లయింది. మళ్ళీ వేసి చూశాడు. అదే వచ్చింది. చీకటి వాటా, ఒక్క సబ్జెక్టు ట్యూషను, కుడివైపు నమలడం, అన్నీ ఆ రెండు వేల తేడాలో కనబడ్డాయి. ఆయనకు సిగ్గు వేసింది. అక్క మొహం గుర్తొచ్చి భయం కూడా వేసింది.

మర్నాడు ఆఫీసు నుంచి అటే అక్క గదికి వెళ్ళాడు. ఇకనుంచి సగమే ఇవ్వగలనని చెప్పాలనుకున్నాడు, దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. అక్క గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. చెయ్యి వణికి సగం నేల మీద ఒలికాయి.

"ఏరా, మొహం అలా ఉంది?"

"కొత్త వేతనాలు వచ్చాయక్కా." గ్లాసు కింద పెట్టాడు. "డీఏ సున్నా అయిపోయింది."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఉత్తర్వులోనూ అలాగే ఉంది. మిగతా సగం చెప్పకుండా నోరు మూసుకున్నాడు, అంతే. అక్క ఆయన వంక చూసింది. ఒలికిన నీళ్ళ మీద గుడ్డ వేసి కాలితో తుడిచింది.

"పోనీలేరా. ఇన్నాళ్ళు వచ్చింది, చాలు. నువ్వేం దిగులు పెట్టుకోకు. మరదల్నీ పిల్లనీ అడిగానని చెప్పు" అంది.

ఆమె గొడవ పెట్టుకుని ఉంటే బాగుండేది. రెండు మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి ఆయనకు దొంగతనం చేసి దొరకని వాడి బతుకైపోయింది.

భార్య అడిగింది, చెప్పాడు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"సున్నా అని చెప్పి వచ్చారా?"

"సున్నాయే కదా."

"నాతో ఆ మాట అనకండి. మన జీతం రెండు వేల నాలుగు వందలు పెరిగిందని చెప్పారా? పదేళ్ళు ఆవిడకు పెట్టి నేను నష్టపోయాను, నిజమే. అంతమాత్రాన ముసలామెను మోసం చేసి బాగుపడదామని అన్నానా? ఇప్పుడు ఆ పన్ను కట్టించుకుంటే దాంతో అన్నం ఎలా నమలను?"

ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్ళారు.

తలుపు తీసే ఉంది. అక్క కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. దర్జీ దుకాణం నుంచి తెచ్చుకున్నట్టుంది, పక్కన ఇంకా ఒక బొత్తి ఉంది. చూపుడువేలికి రెండు చోట్ల సూది గుచ్చుకున్న ఎర్రటి చుక్కలు. వాళ్ళను చూసి చొక్కాలను మంచం కిందికి తోసింది, చిన్నపిల్ల తప్పు దాచుకున్నట్టు.

"వదినా, మీ తమ్ముడు మీకు సగమే చెప్పారు" అంది మరదలు కూర్చోకముందే. "డీఏ పోలేదు. బేసిక్‌లో కలిపేశారు."

"తెలుసమ్మా."

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"పక్క గది పింఛను తాతగారు లేరూ, ఆయనకీ అలాగే కలిపారట. ఉత్తర్వు వచ్చిన రోజే చెప్పారు. వీడు వస్తాడు, ఇకనుంచి ఇంత ఇస్తానక్కా అంటాడు అని ఎదురుచూశాను." అక్క తమ్ముడి వైపు తిరిగింది. "చిన్నప్పుడు ఫీజు డబ్బు పారేసుకుని, ఎవరో లాక్కున్నారని చెప్పావే, అప్పుడూ ఇదే మొహం. అప్పుడు నీకు పదేళ్ళు."

"అక్కా..."

"ఇవ్వలేనని చెబితే తగ్గించుకునేదాన్ని కదరా. నీ ఇంట్లో ఇబ్బందిగా ఉందని నాకు ఎవరు చెప్పారు? డీఏ అంటే పైన వచ్చేది, నాకు ఇష్టమై ఇస్తున్నాను అన్నావు. నేను తిన్నది నీ పిల్ల నోటి దగ్గరిదని తెలిస్తే ముద్ద దిగేదా? పదేళ్ళు పెట్టి గొప్పవాడివయ్యావు, మానేయాల్సి వచ్చేసరికి ఉత్తర్వు వెనక దాక్కున్నావు."

పక్క గదిలో రేడియో మాత్రం ఎవరి గోలా పట్టనట్టు మోగుతోంది. చివరికి మరదలే గొంతు సవరించుకుంది.

"వదినా, ఈసారి శాతాల్లో వద్దు. మీకూ ఒక బేసిక్ పెట్టుకుందాం. నెలకు తొమ్మిది వేలు. డీఏ ఎప్పుడు పెరిగితే అప్పుడు మీ తొమ్మిది వేల మీద కూడా అంతే శాతం పెరగాలి. ధరలు మాకెంతో మీకూ అంతే."

"ఏడు చాలు."

"అద్దెకే ఐదున్నర పోతుంది. ఏడుతో ఏం తింటారు?"

"ఆ మూల మంచం ఖాళీగానే ఉంది. ఆస్పత్రిలో పనిచేసే నర్సు ఒకామె గది వెతుక్కుంటోంది. సగం అద్దె ఆమె ఇస్తుంది."

ఆడవాళ్ళిద్దరూ తలకిందుల బేరం ఆడుకున్నారు, ఇచ్చే మనిషి పెంచుతూ, పుచ్చుకునే మనిషి తగ్గిస్తూ. ఎనిమిది వేల దగ్గర తెగింది. ఆయన్ని ఎవరూ అడగలేదు. లెక్కలు వచ్చిన మనిషి గోడకు ఆనుకుని, తన ఇంటి బిల్లు వేరేవాళ్ళు చేస్తుంటే విన్నాడు.

తర్వాత చాలా సంగతులు సర్దుకున్నాయి. కూతురికి రెండో ట్యూషను మళ్ళీ మొదలైంది. దంతాల డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, తొడుగు వేసే దశ దాటిపోయిందనీ, పీకేయాల్సిందేననీ అన్నాడు. ఆవిడ పీకించుకుని, దవడ మీద చెయ్యి పెట్టుకుని ఇంటికి వచ్చింది. అలవాటు కొద్దీ ఇప్పటికీ కుడివైపే నములుతుంది.

ఆరు నెలలు గడిచాక కొత్త లెక్కలో మొదటి డీఏ వచ్చింది. మూడు శాతం. ఆఫీసులో డ్రైవరు వచ్చి, "తొమ్మిది వందల అరవై కదా బాబాయ్, ఈసారి బేసిక్ మీదే వేశాను" అన్నాడు. సరిగ్గానే వేశాడు. మామూలుగా అయితే బాబాయ్ కళ్ళజోడు పైకి తోసి, సంబరపడకండయ్యా అని మొదలుపెట్టాలి. చుట్టూ ఉన్నవాళ్ళు దానికోసమే చూశారు. ఆయన తల ఊపి మళ్ళీ బిల్లు మీదికి వంగాడు.

ఆయన వాటాకు వచ్చింది పదకొండు వందల యాభై రెండు. అందులో అక్క ఎనిమిది వేల మీద మూడు శాతం, రెండు వందల నలభై. సాయంత్రం ఎనిమిది వేల రెండు వందల నలభై తీసుకుని ఆ రెండు మెట్లూ ఎక్కాడు. మూల మంచం మీద నర్సు పడుకుని నిద్రపోతోంది. అక్క గొంతు తగ్గించి, "కూర్చో" అంది. మంచినీళ్ళు ఇచ్చింది. మరదలి నొప్పి తగ్గిందా అని అడిగింది. పాపకు మార్కులెన్ని వచ్చాయో అడిగింది. అంతా ఎప్పటిలాగే ఉంది.

"డీఏ వచ్చిందక్కా. మూడు శాతం" అంటూ డబ్బు ఇచ్చాడు.

పదేళ్ళుగా ఆ చేతిలో ఎంత పెడితే అంత మడిచి కొంగున ముడేసుకునేది. ఒక్కసారైనా విప్పి చూసి ఎరగదు. ఈసారి ఆమె కిటికీ వెలుతురు వైపు తిరిగింది. వణికే వేళ్ళతో నోట్లను ఒక్కొక్కటిగా పక్కకు తీస్తూ, పెదవులు కదుపుతూ, మొదటి నుంచి చివరిదాకా లెక్కపెట్టుకుంది.

"సరిపోయింది" అంది.